టెక్ సందేహాలు: ముందు నొక్కింది నేనే, దెబ్బ తిన్నదీ నేనే. ఎందుకు?

*బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. రాత్రిపూట రూమ్మేట్‌తో స్ట్రీట్ ఫైటర్ 6 ఆడతాం. నా మీడియం కిక్‌ను వాడు బ్లాక్ చేస్తాడు. వెంటనే నేను లైట్ పంచ్ నొక్కుతాను, వాడు మీడియం పంచ్ నొక్కుతాడు. గేమ్‌లో అన్నిటికన్నా స్పీడ్ లైట్ పంచే కదా, అయినా ప్రతిసారీ వాడిదే తగులుతోంది. ఒక్కోసారి మాత్రం అదే కిక్ తర్వాత నాదే గెలుస్తుంది. కంట్రోలర్ స్లో అయిందా? ఎస్పీ రోడ్డుకు వెళ్ళి కొత్తది కొనమంటారా?*
(ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు)

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే తేడా కంట్రోలర్‌లో కన్నా కిక్ బ్లాక్ అయిన తర్వాతి లెక్కలో ఉన్నట్టుంది. నిజంగా కంట్రోలరే కారణమైతే ఎలా పట్టుకోవాలో కూడా చెబుతాను. ముందు లెక్క చూద్దాం.

ఈ గేమ్ సెకనుకు 60 ఫ్రేమ్‌లుగా నడుస్తుంది, అంటే ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.67 మిల్లీసెకన్లు. ప్రతి దెబ్బకూ మూడు దశలుంటాయి. బటన్ నొక్కాక చెయ్యి లేచి వెళ్ళే దశ స్టార్టప్. దెబ్బ తగలగలిగే దశ యాక్టివ్. చెయ్యి వెనక్కి తీసుకునే దశ రికవరీ. అది పూర్తయ్యేదాకా మీ పాత్ర మామూలుగా బ్లాక్ కూడా చేయలేదు. అవతలివాడు బ్లాక్ చేస్తే వాడూ కొన్ని ఫ్రేమ్‌ల పాటు కదలలేడు, దాన్ని బ్లాక్‌స్టన్ అంటారు. దెబ్బ తగిలిన క్షణంలో ఇద్దరూ బిగుసుకుపోయినట్టు కనిపించే చిన్న విరామం ఇద్దరికీ సమానమే కాబట్టి లెక్కలోకి రాదు.

మీ రికవరీ ముందు ముగుస్తుందా, వాడి బ్లాక్‌స్టన్ ముందు ముగుస్తుందా అన్నదే అసలు ప్రశ్న. మీరు 3 ఫ్రేమ్‌లు ఆలస్యంగా బయటపడితే ఆ కిక్ బ్లాక్ మీద మైనస్ 3. మీరే ముందు బయటపడితే ప్లస్. మీరు ఏ పాత్రతో ఆడతారో, అది ఏ కిక్కో రాయలేదు కాబట్టి మైనస్ 3 అనే అనుకుందాం. ప్యాచ్ వచ్చినప్పుడల్లా ఈ అంకెలు మారుతుంటాయి, మీ పాత్రవి గేమ్‌లోనే చూసుకోవాలి.

ఇప్పుడు మీ రూమ్మేట్ బ్లాక్‌స్టన్ నుంచి బయటపడిన ఫ్రేమ్‌ను 1 అనుకోండి. వాడి మీడియం పంచ్ స్టార్టప్ 6, అంటే 6వ ఫ్రేమ్‌లో తగులుతుంది. మీ లైట్ పంచ్ స్టార్టప్ 4. కానీ మీరు 3 ఫ్రేమ్‌లు ఇంకా కిక్ రికవరీలోనే ఉన్నారు కాబట్టి అది తగిలేది 3 + 4 = 7వ ఫ్రేమ్‌లో. వాడి పంచ్ ఒక్క ఫ్రేమ్ ముందు వచ్చేసింది. ఆ క్షణానికి మీరు లైట్ పంచ్ స్టార్టప్‌లోనే ఉన్నారు, అందుకే తెర మీద కౌంటర్ అని పడుతుంది. మామూలు దెబ్బ కన్నా కౌంటర్ వాడికి ఇంకో 2 ఫ్రేమ్‌ల లాభం ఇస్తుంది, డ్యామేజీ కూడా 20 శాతం పెరుగుతుంది.

అదే మైనస్ 3లో వాడు స్టార్టప్ 7 ఉన్న దెబ్బ వేశాడనుకోండి. రెండూ 7వ ఫ్రేమ్‌లోనే యాక్టివ్ అవుతాయి, ఇద్దరికీ తగులుతుంది. దీన్ని ట్రేడ్ అంటారు. 8 ఫ్రేమ్‌లదైతే మీ లైట్ పంచే ముందు తగులుతుంది, కౌంటర్ మీకు వస్తుంది. పట్టుకుని విసిరేసే త్రోకు స్టార్టప్ 5 కాబట్టి, వాడు దగ్గరలో ఉండి త్రో చేసినా మీరు దొరికిపోతారు. మొత్తమ్మీద మైనస్ 3లో లైట్ పంచ్ నొక్కితే అది గెలిచేది వాడు నిదానమైన దెబ్బ ఎంచుకున్నప్పుడో, ఏమీ నొక్కకుండా బ్లాక్ వదిలేసినప్పుడో మాత్రమే. నన్నడిగితే అక్కడ నొక్కకండి. బ్లాక్ పట్టుకోండి, త్రో వస్తే విడిపించుకోవడానికి సిద్ధంగా ఉండండి. ర్యూ లాంటి పాత్రకు ఓడీ షోర్యూకెన్ అనే, పైకెగిరి కొట్టే ప్రత్యేక పంచ్ ఉంది. పైకెగిరేటప్పుడు దానికి దెబ్బ అంటదు కాబట్టి ఈ లెక్కను తప్పించుకుని గెలుస్తుంది. కానీ వాడు ఊహించి బ్లాక్ చేస్తే మీరు గాల్లోంచి దిగేలోపు తనకిష్టమైన కాంబో వేసుకుంటాడు. అలవాటుగా వాడదగ్గ మార్గం కాదు అది.

మైనస్ ఇంకాస్త పెద్దదైతే మీకు ఆ ఎంపిక కూడా ఉండదు. కిక్ మైనస్ 4 అయితే వాడి 4 ఫ్రేమ్‌ల లైట్ పంచ్ మీ రికవరీ చివరి ఫ్రేమ్‌లో తగులుతుంది, మీరు బ్లాక్ పట్టుకున్నా ఆపలేరు. దీన్నే పనిష్ అంటారు. రికవరీలో తగిలిన దెబ్బకు పనిష్ కౌంటర్ పడి, 2కు బదులు 4 ఫ్రేమ్‌ల అదనపు లాభం వస్తుంది. ఇక్కడ దూరం కూడా చూడాలి. బ్లాక్ అయినప్పుడు ఇద్దరూ కొంచెం వెనక్కి జరుగుతారు. కిక్‌ను కాలి కొస తగిలేంత దూరం నుంచి వేస్తే వాడి పొట్టి లైట్ పంచ్ మిమ్మల్ని అందుకోదు, అందేంత పొడవున్న దెబ్బకేమో స్టార్టప్ ఎక్కువ. కాగితం మీద మైనస్ 6 ఉన్న కిక్‌ను కూడా మంచి ఆటగాళ్ళు ధైర్యంగా వేసేది ఇందుకే.

ఇక కంట్రోలర్ సంగతి. ట్రైనింగ్ మోడ్‌లోకి వెళ్ళి, తెర మీద కనిపించే సమాచారం సెట్టింగుల్లో ఫ్రేమ్ మీటర్ ఆన్ చేయండి. అవతలి బొమ్మ అన్నీ బ్లాక్ చేసేలా పెట్టి, బ్లాక్ అయిన వెంటనే మీడియం పంచ్ వేసేలా రివర్సల్ సెట్టింగ్‌లో పెట్టండి. ఇప్పుడు కిక్ వేసి, వెంటనే లైట్ పంచ్ నొక్కండి. మీటర్‌లో ఇద్దరికీ ఒక్కో పట్టీ ఉంటుంది, ఒక్కో గడి ఒక్కో ఫ్రేమ్. స్టార్టప్, యాక్టివ్, రికవరీలకు వేరువేరు రంగులుంటాయి.

మీ పట్టీలో కిక్ రికవరీ రంగు ఎక్కడ ముగిసిందో చూడండి. దానికి ఆనుకునే లైట్ పంచ్ స్టార్టప్ మొదలైందా? అయితే మీ వేలిదీ, కంట్రోలర్‌దీ తప్పు లేదు, ఓటమికి కారణం మైనస్సే. రెండింటి మధ్య ఖాళీ గడులున్నాయా? అప్పుడు మీ నొక్కుడు అన్ని ఫ్రేమ్‌లు ఆలస్యంగా చేరింది. అలవాటు కుదిరాక కూడా ఆ ఖాళీ పోకపోతే కంట్రోలర్‌ను బ్లూటూత్ మీద కాకుండా కేబుల్‌తో పెట్టి చూడండి. టీవీ మీద ఆడుతుంటే గేమ్ మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అది ఆఫ్‌లో ఉంటే టీవీ బొమ్మకు మెరుగులు దిద్దడానికి తీసుకునే సమయం కొన్ని ఫ్రేమ్‌లకు సమానమవుతుంది, మీరు చూసేదే ఆలస్యమవుతుంది. పైగా కిక్ రికవరీ చివరి కొన్ని ఫ్రేమ్‌లలో నొక్కినదాన్ని గేమ్ గుర్తుపెట్టుకుని, వీలైన మొదటి ఫ్రేమ్‌లోనే బయటికి తీస్తుంది. కాబట్టి అంతకన్నా ముందు నొక్కడంలో లాభం లేదు.

అంకెలు చూసేటప్పుడు ఒక చిక్కు ఉంది. స్ట్రీట్ ఫైటర్ 6లో స్టార్టప్ 4 అంటే 4వ ఫ్రేమ్‌లోనే దెబ్బ తగులుతుందని అర్థం, మొదటి యాక్టివ్ ఫ్రేమ్ అందులో కలిసే ఉంటుంది. కొన్ని పట్టికల్లో దాన్ని కలపకుండా 3 అని రాస్తారు. గుర్తుపట్టడం తేలికే. స్టార్టప్ 4, యాక్టివ్ 3, రికవరీ 7 ఉన్న దెబ్బకు మొత్తం 13 అని ఉంటే కలిపినట్టు, ఎందుకంటే ఆ ఒక్క ఫ్రేమ్ రెండుసార్లు లెక్కకు వచ్చింది. రెండు రకాల పట్టికల్లోంచి చెరో అంకె తీసుకుంటే పైన చూసిన ఒక్క ఫ్రేమ్ తేడా తారుమారవుతుంది.

ఒక్కోసారి మీరే ఎందుకు గెలుస్తున్నారన్నది మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ప్రశ్న. దాని జవాబు యాక్టివ్ ఫ్రేమ్‌లలో ఉంది. పట్టికలో రాసే మైనస్, దెబ్బ మొదటి యాక్టివ్ ఫ్రేమ్‌లో తగిలినప్పటిది. మీ కిక్ స్టార్టప్ 8, యాక్టివ్ 4 అనుకుంటే అది 8, 9, 10, 11 ఫ్రేమ్‌లలో ఎప్పుడైనా తగలొచ్చు. 8లో తగిలితే మైనస్ 3. 11లో తగిలితే మీ యాక్టివ్ ఫ్రేమ్‌లలో మూడు అప్పటికే గడిచిపోయాయి, వాడి బ్లాక్‌స్టన్ మాత్రం అప్పుడే మొదలైంది. అంటే మూడు ఫ్రేమ్‌లు మీకు కలిసొచ్చి లెక్క సున్నాకు చేరింది. సున్నాలో మీ 4 ఫ్రేమ్‌ల లైట్ పంచ్ వాడి 6 ఫ్రేమ్‌ల మీడియం పంచ్‌ను కొట్టేస్తుంది. వాడు కాస్త దూరంలో ఉండి, మీ కిక్ చివరి యాక్టివ్ ఫ్రేమ్‌లలోనే వాడిని అందుకున్నప్పుడు ఇలా జరుగుతుంది. పడిపోయినవాడు లేచే క్షణానికి మీ కిక్ చాచి ఉన్నా అంతే.

రెండోదాన్ని కావాలని చేస్తే మీటీ అంటారు. వాడు లేచే మొదటి ఫ్రేమ్ మీ కిక్ 11వ ఫ్రేమ్‌తో కలిసేలా నొక్కాలి. మీరు ఒక ఫ్రేమ్ ఆలస్యంగా నొక్కితే అది 10వ ఫ్రేమ్‌లో తగిలి మైనస్ 1 అవుతుంది, పెద్దగా నష్టం లేదు. ఒక ఫ్రేమ్ ముందు నొక్కితేనే ప్రమాదం. వాడు లేచేసరికి యాక్టివ్ ముగిసిపోయి, మీరు నిండు రికవరీలో వాడి ముందు నిలబడి ఉంటారు. అందుకే మొదట్లో చివరి ఫ్రేమ్ కోసం పాకులాడకుండా మధ్య ఫ్రేమ్‌లు తగిలేలా సాధన చేయండి. ట్రైనింగ్ మోడ్‌లో వాడు లేవగానే లైట్ పంచ్ వేసేలా పెట్టండి. మీ కిక్ వాడికి తగిలితే సమయం కుదిరినట్టే. లైట్ పంచ్ మీకు తగిలి పనిష్ కౌంటర్ అని పడితే ముందు నొక్కారని, ఉత్త కౌంటర్ అని పడితే ఆలస్యమైందని.

గాలికి పోయిన దెబ్బకైతే బ్లాక్‌స్టన్ సాయం కూడా ఉండదు, రికవరీ మొత్తం వాడి చేతుల్లో ఉంటుంది. కానీ కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 నుంచి 15 ఫ్రేమ్‌లు. 7 ఫ్రేమ్‌ల రికవరీ ఉన్న లైట్ పంచ్ గాలికి పోయిందని చూసి ఎవరూ కొట్టలేరు. రికవరీ 20 ఫ్రేమ్‌లు దాటిన హెవీ కిక్, కాళ్ళ మీద కొట్టి పడేసే స్వీప్ లాంటివాటిని చూసి కొట్టొచ్చు, అదీ మీ దెబ్బ స్టార్టప్ తక్కువై, అక్కడిదాకా అందితేనే. మీ రూమ్మేట్ స్వీప్ ఎక్కువగా వాడితే దాని కొసకు ఒక్క అడుగు బయట నిలబడి, ఒకే ఒక్క పొడవైన మీడియం దెబ్బ సిద్ధంగా పెట్టుకోండి.