అరిచింది అందరి ముందైతే సారీ కూడా అందరి ముందే

“బెంగళూరులో టీమ్ లీడ్‌ని. క్లయింట్ తేదీ ముందుకు జరిపిన మెయిల్ నేనే చూడలేదు. ఆలస్యానికి మీటింగ్‌లో మా టెస్టర్ అమ్మాయి మీద అరిచాను, పై మేనేజర్‌కి మెయిల్ కూడా పెట్టాను. ఇప్పుడేం చేయాలి?”

ముందు ఆ అమ్మాయితో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడండి, రేపు అందరి ముందు చెప్పబోతున్నానని కూడా చెప్పండి, లేకపోతే మీటింగ్‌లో అందరూ తనవైపు తిరిగేసరికి తనకే ఇబ్బంది. అక్కడితో ఆపేస్తే మాత్రం సరిపోదు, ఎందుకంటే మిగతా వాళ్ల దృష్టిలో తప్పు ఇంకా తనదే.

మర్నాడు స్టాండప్‌లో మొదటి మాటగా ఇంత చెప్పండి చాలు: “తేదీ మారిన మెయిల్ నేను చూడలేదు. ఆలస్యం నా వల్లే. మొన్న తన మీద అరవడం నా తప్పు, సారీ.” దీనికి “కానీ” తగిలించకండి. మారతహళ్లిలో పనిచేసినప్పుడు నేను “సారీ, కానీ ఆ వారం పని ఒత్తిడి అలా ఉంది” అన్నాను, టీమ్‌కి గుర్తున్నది ఆ రెండో ముక్కే. తనతో అక్కడే “పర్లేదు సార్” అనిపించుకోవాలని కూడా చూడకండి, మనసులో ఉన్నా లేకపోయినా అనక తప్పదు పాపం.

తర్వాత ఆ పాత మెయిల్‌కే రిప్లై ఆల్ కొట్టి, కారణం మీరేనని రాయండి. చాలామంది వదిలేసేది ఇదే, అప్రైజల్ నాటికి పైవాళ్లు తెరిచేదీ ఆ మెయిలే.

ఇక క్లయింట్ మెయిల్స్ మీ ఒక్కరికే రాకుండా గ్రూప్ ఐడీకి మార్పించండి, తేదీ మారితే ట్రాకర్‌లో అదే రోజు ఎవరు రాయాలో పేరు పెట్టండి.