తీతువు పిట్ట వేరు, బొగ్గుగని పిట్ట వేరు

ప్రశ్న: ఇంగ్లీషు నుంచి ఒక పెద్ద వ్యాసం తెలుగులోకి చేస్తున్నాను. కొన్ని ఇడియమ్స్‌కి, సామెతలకి మన దగ్గర సరిపోయే మాట దొరకట్లేదు. అలాంటి చోట మీరేం చేస్తారు?

నేను ఒక పిట్ట దగ్గర గట్టిగా దెబ్బ తిన్నాను. ముందు అది చెప్తాను, మీకు కావాల్సింది అందులోనే ఉంది.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ. బడిలో ఇంగ్లీషు చెప్తాను, 12 ఏళ్ళ నుంచి పత్రికలకు అనువాదాలు చేస్తున్నాను. నాలుగేళ్ళ కింద మా జిల్లా ఫ్లోరైడ్ మీద ఇంగ్లీషులో వచ్చిన ఒక పెద్ద వ్యాసం నా దగ్గరికి వచ్చింది, అచ్చులో 22 పేజీలు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ళు, పిల్లల గారపళ్ళు, వంగిపోయిన కాళ్ళు, బిగుసుకుపోయిన నడుములు, అన్నీ ఉన్నాయి. మా ఇంటి విషయం కాబట్టి చాలా ఇష్టంగా మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే రచయిత ఈ పిల్లల పళ్ళను 'కెనరీ ఇన్ ద కోల్ మైన్' అన్నాడు. మాటకు మాట చూస్తే బొగ్గుగనిలోకి పంజరంలో తీసుకుపోయే కెనరీ పిట్ట, ముందే వచ్చిన ప్రమాద సూచన అని అర్థం. మనకు అలాంటి మాట లేదు. ఒక పూటంతా ఆలోచించాను. చివరికి తీతువు పిట్ట గుర్తొచ్చింది. అక్కడా పిట్టే, ఇక్కడా పిట్టే, రెండూ కీడును ముందే చెప్తాయి. 'పిల్లల గారపళ్ళు ఊరి మీద తీతువు పిట్ట కూతలా ముందే హెచ్చరించాయి' అని రాసి చాలా సంతోషపడ్డాను, ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చదువుకున్నాను కూడా.

తొమ్మిదో పేజీకి వచ్చేసరికి రచయిత మళ్ళీ అదే పిట్ట దగ్గరికి వచ్చాడు. పిట్ట పడిపోయింది సరే, పంజరం ఎవరి చేతిలో ఉంది, దాని వంక ఎవరు చూస్తున్నారు అని అడిగాడు. తీతువుకు పంజరం ఎక్కడిది? అక్కడ 'ఆ హెచ్చరికను చూడాల్సినవాళ్ళు చూడలేదు' అని రాసి దాటేశాను. 21వ పేజీలో ఇంకోసారి వచ్చాడు, ఈసారి దాటే దారి కూడా లేదు. పిల్లలకు శాశ్వత దంతాలు ఆరేడు ఏళ్ళకు గానీ రావడం మొదలవ్వవు, కానీ ఆ దంతాల పైపొర చిగురు లోపల అంతకుముందే తయారవుతూ ఉంటుంది, ఫ్లోరైడ్ నీళ్ళు పాడుచేసేది అప్పుడే. అంటే మరక కంటికి కనబడేనాటికి పిల్లవాడు ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగేసి ఉంటాడు. అందుకే ఆయన అక్కడ 'నల్లగొండ పిట్ట విషం తగిలిన ఏళ్ళకు గానీ పడిపోదు' అంటాడు. వ్యాసం మొత్తం ఆ మాట మీదే నిలబడి ఉంది. నా అనువాదంలో ఆ మాట పెట్టడానికి చోటే లేదు.

అప్పుడు రాతప్రతి పట్టుకుని మా పెద్దసారు దగ్గరికి పోయాను. నాకు బడిలో లెక్కలు చెప్పిన మనిషి, ఆయనవీ గారపళ్ళే. మొదటి పేజీ చదివి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "బిడ్డా, తీతువు కూసిందని రాసినవ్. తీతువు కూస్తే మనోళ్ళు ఏం జేస్తరు? తిట్టుకుంట తలుపేసుకుంటరు. రాత ఎట్లుంటే అట్లయితదని పంటరు. మా నీళ్ళ సంగతి కూడా రాతనే అంటున్నవా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

ఆయన అన్నది ఎంత సరైనదో ఇంటికొచ్చి రెండు పిట్టలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసింది. తీతువు కూత నమ్మకం, శకునం. బొగ్గుగని పిట్ట శకునం కాదు, ప్రాణమున్న కొలత పరికరం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, గనిలో దిగినవాడికి తెలియకుండానే మీదికొస్తుంది. కెనరీ చిన్న పిట్ట, ఊపిరి చాలా వేగంగా తీసుకుంటుంది, అందుకే మనిషి కంటే ముందు దానికి విషం తగులుతుంది. అది పంజరంలో తూలినా, పడినా పనివాళ్ళు పైకి వచ్చేయాలి. బ్రిటన్ గనుల్లో వీటిని మానేసి ఎలక్ట్రానిక్ యంత్రాలు పెడతామని ప్రకటించింది 1986లో, అప్పటిదాకా ఇది నిజంగా రోజూ జరిగిన పని. ఇంకో తేడా కూడా ఉంది, నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. తీతువు కూస్తే కీడు, కెనరీ కూత ఆగితే కీడు. నేను సరిపోయింది అనుకున్న మాట తలకిందుల మాట.

సరే, ఏం చేశానో చెప్తాను. మన పిట్టను తీసేశాను. మొదటి పేజీలో ఇలా రాశాను: 'వెనక ఇంగ్లండు బొగ్గుగనుల్లోకి దిగేవాళ్ళు పంజరంలో ఒక చిన్న పిట్టను వెంట తీసుకుపోయేవాళ్ళు. వాసన లేని విషవాయువు మనిషికి తెలిసేలోపే ఆ పిట్ట తూలి పడేది, అది చూసి మనుషులు బయటికి పరుగెత్తేవాళ్ళు. మర్రిగూడ పిల్లల పళ్ళు అలాంటి పిట్టలు.' ఇంగ్లీషులో ఐదు మాటలున్న చోట నాకు మూడు వాక్యాలు పట్టాయి. కానీ ఆ ఖర్చు ఒక్కసారే. తొమ్మిదో పేజీలో 'పంజరం ఎవరి చేతిలో ఉంది?' అని ఒక్క ముక్క రాస్తే చాలు, చదివేవాళ్ళకు తెలిసిపోతుంది. 21వ పేజీలో 'మా పిట్ట విషం తగిలిన ఏళ్ళకు గానీ పడిపోదు' అన్నప్పుడు పెద్దసారు ఏమీ అనలేదు, ఆ పేజీ మళ్ళీ ఒకసారి చదివాడు.

చిన్న వార్తకూ పెద్ద వ్యాసానికీ తేడా ఇక్కడే. వార్తలో జాతీయం ఒకసారి వచ్చి పోతుంది, 'ముందస్తు హెచ్చరిక' అని రాసేసినా నష్టం లేదు. పెద్ద వ్యాసం రాసేవాడు మొదట విత్తనం వేసి మధ్యలో, చివర్లో కోత కోస్తాడు. అందుకని ఇప్పుడు నేను ఒక్క వాక్యం కూడా అనువదించకముందే వ్యాసం మొత్తం పెన్సిల్ పట్టుకుని చదువుతాను. ప్రతి జాతీయం పక్కనా పేజీ నంబరు వేస్తాను, అదే బొమ్మ ముందుకు ఎక్కడైనా మళ్ళీ వస్తే ఆ నంబరు కూడా పక్కనే వేస్తాను. మాట అదే రాకపోవచ్చు. పిట్ట వచ్చిన వ్యాసంలో పంజరం, రెక్కలు, కూత, ఊపిరి ఆడకపోవడం, ఏది వచ్చినా అది మొదటి పిట్ట సంతానమే. రెండో నంబరు పడిన ప్రతి జాతీయంలోనూ బొమ్మను ఉంచి, మొదటిసారి వచ్చిన చోటే వాక్యంలో కలిపి విప్పి చెప్తాను. ఒక్క నంబరే ఉంటే అర్థం మాత్రం తీసుకుని బొమ్మను వదిలేస్తాను. ఆ వ్యాసంలో జాతీయాలు, సామెతలు కలిపి 40కి పైనే ఉన్నాయి, రెండో నంబరు పడినవి మూడే మూడు. మిగతావాటికి తెలుగు జాతీయం వెతకడం కూడా నా దృష్టిలో టైం వేస్ట్. 'టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్' ఒకేసారి వచ్చింది, 'బయటపడింది కొంతే' అని రాశాను, ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

సామెతల దగ్గర ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. 'అన్నట్టు' అనే మాట. 'బావి ఎండితే గానీ నీళ్ళ విలువ తెలియదు అన్నట్టు' అని రాశారనుకోండి, 'ఇది నీకు తెలిసిన సామెతే' అని చదివేవాడికి మాట ఇచ్చినట్టు. వాడికి అది తెలియదు, ఎప్పుడూ వినలేదు, ఇదేం సామెత అని అక్కడ ఆగిపోతాడు. అనువాదం వాసన కొట్టేది ఎక్కువగా ఇలాంటి చోటే. నేను 'అన్నట్టు' తీసేసి సామెతను మామూలు వాక్యం చేస్తాను: 'బావి ఎండినదాకా నీళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు.' అది సామెత అని తెలియడం ముఖ్యమైతే 'ఇంగ్లీషువాళ్ళ సామెత ఒకటుంది' అని ముందే చెప్పి అప్పుడు రాస్తాను. అప్పుడు చదివేవాడు కొత్త మాట వినడానికి సిద్ధపడతాడు.

మన సామెత నిజంగానే అర్థానికి సరిపోయినా, అది ఎవరి నోట్లో పెడుతున్నామో చూడాలి. అదే వ్యాసంలో ఒక విదేశీ శాస్త్రవేత్త మాటలు ఉన్నాయి, అధికారులు కుంటిసాకులు చెప్పారని అంటాడు. నేను మొదట 'తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట' అని పెట్టాను. అర్థం సరిగ్గా కుదిరింది. కానీ ఆ మనిషి ఒక్కసారిగా మా ఊరి తాటివనంలో నిలబడి మాట్లాడుతున్నట్టయింది, ఆయన మిగతా మాటలన్నీ కూడా నమ్మబుద్ధి కాకుండా పోయాయి. తీసేసి 'పొంతన లేని సాకులు' అన్నాను. అదే సామెతను రచయిత మాట్లాడించిన మర్రిగూడ రైతు నోట్లో పెడితే ఏ ఇబ్బందీ లేదు.

దీనికంతటికీ మూలం మనం బడిలో చదివిన గ్రామర్ పుస్తకాలు అని నేను గట్టిగా నమ్ముతాను. ఎడమ పక్క ఇంగ్లీషు సామెత, కుడి పక్క తెలుగు సామెత, మధ్యలో గీత. ఎండ ఉండగానే గడ్డి ఆరబెట్టుకో అన్నదానికి ఎదురుగా దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో అని ఉంటుంది. అది నిజంగా కుదిరిన జంటే. కానీ ఇలాంటి 50 జంటలు బట్టీ పట్టిన పిల్లలకు ప్రతి సామెతకూ అవతల ఒక జోడు ఉండి తీరుతుందని మనసులో పడిపోతుంది, దొరకకపోతే తమకే తెలుగు రాదనుకుంటారు. నా క్లాసులో ఆ పట్టిక చెప్పడం మానేసి మూడేళ్ళయింది.

ఇంకో గొడవ ఫుట్‌నోట్లది. పత్రికవాళ్ళు నా మూడు వాక్యాల పిట్టను ఎత్తి పేజీ కింద చిన్న అక్షరాల్లో వేశారు, పైన 'బొగ్గుగని పిట్టలు' అని మాత్రం ఉంచారు. ప్రూఫ్ చూసి ఫోన్ చేశాను. వ్యాసం సాఫీగా సాగుతుందని వాళ్ళ వాదన. పేజీ కిందికి కన్ను దించని వాళ్ళకు తొమ్మిదో పేజీలో పంజరం ఎక్కడిదో ఎలా తెలుస్తుందని నా వాదన. గంటసేపు మాట్లాడాక ఆ వాక్యాలు మళ్ళీ పైకి వచ్చాయి. మీకూ ఇదే ఎదురవుతుంది, పట్టు వదలకండి. నోటు పెట్టాల్సింది పేరుకో సంవత్సరానికో, వ్యాసాన్ని మోసే బొమ్మకు కాదు.

రెండో నంబరు పడిన ఇంకో జాతీయం 'రేస్ టు ద బాటమ్'. అసలు అర్థం పోటీ పడి ప్రమాణాలు దిగజార్చుకోవడం, కానీ రచయిత దాన్ని బోర్ల మీద వాడాడు, పక్కవాడు 300 అడుగులు వేస్తే వీడు 500 వేయడం, ఇంకా కిందికి పోయేకొద్దీ రాళ్ళలోని ఫ్లోరైడ్ నీళ్ళలోకి ఎక్కువ దిగడం. దానికి 'పాతాళానికి పందెం' అని పెట్టాను. దిగజారడం అనే అర్థం కొంత పోయింది, అది నాకు తెలుసు. పెద్దసారు మాత్రం ఆ మాట దగ్గర ఆగి, వాళ్ళ పొలంలో ఎండిపోయిన బోర్లు ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టాడు.