ఊళ్ళో అమ్మానాన్నల కొట్టుకి వెబ్‌సైట్: కార్ట్ పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మానాన్నలకి ఊళ్ళో చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. నేను దుబాయ్‌లో ఉద్యోగం. వాళ్ళకి ఒక వెబ్‌సైట్ చేసిపెడదామనుకుంటున్నాను. కార్ట్, ఆన్‌లైన్ పేమెంట్ అన్నీ పెట్టాలా? ఇలా చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు:

మాది తణుకు. అమ్మానాన్నలకి పూజా సామాన్ల కొట్టు ఉంది. నేను జర్మనీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తాను. మీరు అనుకుంటున్న పనే నేను రెండుసార్లు చేశాను. మొదటిసారి చేసింది ఎవరికీ పనికిరాలేదు. రెండోది ఇప్పటికీ నడుస్తోంది.

మొదటి సైట్ డిసెంబరు సెలవుల్లో కట్టాను. కొట్టులో ఉన్న 380 వస్తువులకీ మా తమ్ముడు ఫోన్‌తో ఫోటోలు తీసి పంపాడు. కార్ట్, ఓటీపీతో లాగిన్, పేమెంట్ గేట్‌వే అన్నీ పెట్టాను. నాలుగు నెలల్లో వచ్చిన ఆర్డర్లు మూడు. అందులో ఒకటి నా స్నేహితుడిది. ఇంకొకటి హైదరాబాద్ నుంచి ఒకావిడ పెట్టారు. వాళ్ళ అత్తగారు మా ఊళ్ళోనే వ్రతం చేసుకుంటున్నారు. ఆర్డరులో "కర్పూరం 1, వత్తులు 1, నవధాన్యాలు 1" అని ఉంది. కర్పూరం ఎంత డబ్బా? వత్తులు పువ్వొత్తులా, అడ్డవత్తులా? నవధాన్యాలు కలిపి ఉన్న పొట్లమా, తొమ్మిదీ విడివిడిగానా? నాన్న ఆవిడకి మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నారు. మూడోసారి ఆవిడ, "ఏమోనండి, పంతులుగారు రాసిచ్చినవి అలాగే నొక్కాను" అన్నారట. ఆ మాట నాన్న నాకు ఫోన్‌లో చెప్పినప్పుడు నాకు దాని విలువ తెలియలేదు. బటన్లు ఇంకా పెద్దవి చేయాలేమో అనుకున్నాను.

ఆ ఏడు శ్రావణ మాసంలో సెలవు పెట్టి వెళ్ళాను. తొమ్మిది రోజులు కొట్టులోనే కూర్చున్నాను. ఒక నోట్‌బుక్ తీసుకుని, వచ్చిన ప్రతి మనిషీ గుమ్మం ఎక్కగానే అన్న మొదటి మాటని ఉన్నది ఉన్నట్టు రాశాను. ఈ ఒక్క పని మీరు తప్పకుండా చేయండి. సైట్ గురించి నాకు తెలిసిందంతా ఆ నోట్‌బుక్ నుంచి వచ్చిందే. వస్తువు పేరు చెప్పి అడిగినవాళ్ళు చాలా తక్కువ. అగరబత్తీలు, దీపాల నూనె, హారతి కర్పూరం లాంటి రోజువారీ సరుకులకే అలా అడిగారు. ఎక్కువమంది నోటి నుంచి వచ్చింది ఒకటే మాట: "ఇదిగోండి లిస్టు." ఆ తర్వాత "ఎంతవుద్దండి?" చివర్లో, డబ్బులిస్తూ, "ఇంకేం మర్చిపోలేదు కదండీ?"

ఒక బేరం మొత్తం చెబుతాను. ఒకాయన గురువారం గృహప్రవేశం అని సోమవారం సాయంత్రం వచ్చారు. పంతులుగారి చీటీలో 41 వరసలున్నాయి. "ఆ.నె. అర" అని ఒకచోట, "న.ధా. విడి" అని ఇంకోచోట. ఆయనకి అందులో సగం అర్థం కాలేదు. నాన్న చీటీ చదువుతూ మూడు ప్రశ్నలు అడిగారు. హోమం ఉందా? అదే రోజు సత్యనారాయణ వ్రతం కూడా చేసుకుంటారా? పీటల మీద ఎన్ని జంటలు కూర్చుంటాయి? హోమం ఉంటే సమిధలు, ఆవు పిడకలు కావాలి, నెయ్యి పెరుగుతుంది. వ్రతం కూడా ఉంటే ప్రసాదానికి రవ్వ, పంచామృతానికి తేనె కలుస్తాయి. రెండో జంట కూర్చుంటే జాకెట్టు ముక్కలు, వక్కలు, ఖర్జూరాలు పెరుగుతాయి. "ఆ.నె." అంటే ఆవు నెయ్యి. "న.ధా. విడి" అంటే నవగ్రహ మండపానికి కాబట్టి తొమ్మిది ధాన్యాలూ వేరు వేరుగా ఉండాలి.

తర్వాత నాన్న ఎర్ర పెన్ను తీసి ఏడు వస్తువుల చుట్టూ సున్నాలు చుట్టారు. బూడిద గుమ్మడికాయ, పూలు, మామిడాకులు, తమలపాకులు, అరటి పిలకలు, పాలు, అరటిపళ్ళు. "ఇవి మా దగ్గర ఉండవండి. బుధవారం సాయంత్రం మార్కెట్‌లో తీసుకోండి, ముందే కొంటే వాడిపోతాయి" అన్నారు. మిగతావి రెండు సంచుల్లో కట్టి ఒకదాని మీద "హోమం", రెండోదాని మీద "వ్రతం" అని రాశారు. తెల్లవారుజామున ముహూర్తానికి పంతులుగారు ఏ సంచి ముందు విప్పాలో వెతుక్కోకూడదు కదా. కొబ్బరికాయలు అడిగినదానికంటే రెండు ఎక్కువ వేసి, "కొట్టినప్పుడు కుళ్ళింది వస్తే మనసు పాడవుద్ది. మిగిలితే తెచ్చి ఇచ్చేయండి" అన్నారు.

ఇదంతా నా మొదటి సైట్‌లో ఎక్కడా లేదు. అక్కడ వస్తువులు మాత్రమే ఉన్నాయి. మా కొట్టుకి వచ్చేవాళ్ళు కొంటున్నది పీటల మీద కూర్చున్నాక ఏదీ తక్కువ పడదన్న ధైర్యం. తక్కువ పడితే ఆ టెన్షన్ ఎలా ఉంటుందో శుభకార్యం చేసిన ప్రతివాళ్ళకీ తెలుసు.

జర్మనీ తిరిగి వచ్చాక పాత సైట్ తీసేసి ఒకే ఒక్క పేజీ రాశాను, మొత్తం తెలుగులో. పైన కొట్టు తెరిచే వేళలు ఉంటాయి. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు దాకా మూసి ఉంటుందన్న సంగతి కూడా పెద్ద అక్షరాలతో పెట్టాను. పక్క ఊళ్ళ నుంచి బస్సెక్కి వచ్చి, తాళం చూసి వెనక్కి పోయినవాళ్ళు నోట్‌బుక్‌లో నలుగురున్నారు. దాని కింద రెండు బటన్లు.

```html
<a href="tel:+91XXXXXXXXXX">ఫోన్ చేయండి</a>
<a href="https://wa.me/91XXXXXXXXXX?text=...">లిస్టు ఫోటో పంపండి</a>
```

`wa.me` తర్వాత నంబరులో ప్లస్ గుర్తు గానీ, ముందు సున్నా గానీ ఉండకూడదు. ఈ లింకు ఫోటోని తనంతట తాను జత చేయదు. చాట్ తెరిచి మనం రాసిపెట్టిన మాటల్ని మాత్రమే నింపుతుంది. అందుకే ఆ మాటల్లోనే నాన్న అడిగే ప్రశ్నలు పెట్టాను: "పంతులుగారి లిస్టు ఫోటో పంపుతున్నాను. కార్యం తేదీ: … హోమం ఉందా: … ఎన్ని జంటలు: … పంతులుగారి ఫోన్ నంబరు: …" చివరిది అమ్మ పెట్టించింది. మడతలు పడ్డ కాగితం మీద వంకర దస్తూరి ఫోటోలో ఒక్కోసారి ఎవరికీ అర్థం కాదు. అలాంటప్పుడు ఇంటివాళ్ళని అడిగి లాభం లేదు, రాసినాయన్నే అడగాలి. మొత్తం పేజీలో ఎక్కువ ఉపయోగపడింది ఆ నంబరే.

కింద నాలుగు తయారు లిస్టులు ఉన్నాయి: సత్యనారాయణ వ్రతం, గృహప్రవేశం, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి. ప్రతి లిస్టు చివర "ఇవి మా దగ్గర దొరకవు, మీరు విడిగా కొనుక్కోవాలి" అని ఒక వరస ఉంటుంది. దాన్ని చూసి మా నాన్న మొదట ఒప్పుకోలేదు. "లేనివి మనమే చెప్పుకుంటామేంట్రా" అన్నారు. "కొట్టులో నువ్వు రోజూ చెప్పేది అదే కదా నాన్నా" అంటే ఊరుకున్నారు. ఇప్పుడు ఆ వరసని ఫోటో తీసుకుని దాచుకునేవాళ్ళున్నారు. ధరలు వస్తువువారీగా పెట్టలేదు, కొబ్బరికాయ ధరే నిలకడగా ఉండదు. లిస్టు మొత్తానికి "సుమారు ఇంత నుంచి ఇంత" అని, ఏ తేదీ నాటి లెక్కో రాసి పెడతాం.

ఇక్కడ నాకొక పొరపాటు జరిగింది, మీకు జరగకూడదని చెబుతున్నాను. మొదట, టిక్ చేసిన వస్తువులన్నీ వాట్సాప్ సందేశంగా వెళ్ళేలా రాశాను.

```js
const url = "https://wa.me/91XXXXXXXXXX?text="
          + encodeURIComponent(items.join("\n"));
```

తెలుగులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు మూడు బైట్లు. లింకులోకి మారేటప్పుడు అది తొమ్మిది అక్షరాలవుతుంది. "కొబ్బరికాయలు" అన్న ఒక్క మాటే 108 అక్షరాలు. నలభై వస్తువుల లిస్టు వేలల్లోకి పోతుంది. మా పిన్ని పాత ఫోన్‌లో చివరి వస్తువులు రాలేదు. పంపినవాళ్ళకీ, అందుకున్నవాళ్ళకీ అది తెలిసే దారే లేదు. మా వ్యాపారంలో ఇంతకంటే పెద్ద తప్పు ఉండదు. ఇప్పుడు లిస్టు పేరు, అందులో వద్దన్నవి, అదనంగా కావాల్సినవి మాత్రమే వెళ్తాయి. "సత్యనారాయణ వ్రతం. వద్దు: కలశం, రవ్వ. అదనం: ఆవు నెయ్యి అరకిలో" అంతే. నాన్నకి కూడా నలభై వరసలు చదవడం కన్నా ఇదే తేలిక.

ఫోటోలు దాదాపు అన్నీ తీసేశాను. పసుపు ఎలా ఉంటుందో ఎవరికీ చూపించక్కర్లేదు. దర్భలు, సమిధలు, విడి నవధాన్యాలు లాంటి, పేరు విన్నా పోల్చుకోలేని పది వస్తువులకే ఉంచి, చిన్న సైజు చేసి పెట్టాను. ఆన్‌లైన్ పేమెంట్ గేట్‌వే కూడా తీసేశాను. సంచి కట్టాక అమ్మ మొత్తం లెక్క పంపుతుంది, వాళ్ళు యూపీఐలో వేస్తారు. చివరి నిమిషంలో ఒకటో రెండో మారని లిస్టు ఉండదు. ముందే డబ్బు తీసుకుంటే తిరిగి పంపడం ఇంకో పని.

సందేశాలు చూసేది అమ్మ. కొట్టుకి వేరే ఫోను, వేరే నంబరు తీసుకున్నాం. వాట్సాప్ బిజినెస్‌లో లేబుల్స్ ఉంటాయి. "కొత్తది", "అడగాలి", "కట్టేశాం", "డబ్బు వచ్చింది" అని నాలుగు పెట్టుకుంది. రాత్రి తొమ్మిది తర్వాత వచ్చినవాటికి "పొద్దున్న చూసి చెబుతామండి" అని దానంతటదే జవాబు వెళ్ళేలా పెట్టాను. అది పెట్టకముందు అమ్మ పదకొండింటికి కూడా లేచి ఫోన్ చూసేది.

మీ విషయానికి వస్తే, కార్ట్ ఇప్పుడే వద్దు. ఫ్యాన్సీ షాపులో మీకు ఎదురయ్యేది లిస్టు కాకపోవచ్చు. మా పక్క కొట్టు ఫ్యాన్సీదే. అక్కడికి వచ్చేవాళ్ళు చీర సంచిలో పెట్టుకొచ్చి దానికి సరిపోయే గాజులు, లేసు అడుగుతారు. రంగు ఫోన్ ఫోటోలో ఉన్నట్టు ఉండదు, కొట్టు లైటు కింద ఒకలా, ఎండలో ఒకలా కనిపిస్తుంది. అలాంటిచోట గాజులకి ఫోటో పెట్టి అమ్మితే సగం వెనక్కి వస్తాయి. "ఈ సైజు గాజులు ఈ రంగుల్లో ఉన్నాయి, చీర తెచ్చుకోండి, మధ్యాహ్నం తీసే ఉంటుంది" అన్న పేజీయే మీకు ఎక్కువ పనికి రావచ్చు. మీరు ఈసారి సెలవుకి వెళ్ళేది పండగల ముందైతే ఇంకా మంచిది. ఒక వారం కూర్చుని మొదటి మాటలు రాసుకోండి. వెళ్ళడం కుదరకపోతే మీ అమ్మగారిని రోజూ రాత్రి ఫోన్‌లో అడిగి మీరే రాయండి. "ఇవాళ ఎవరు ఉత్త చేతులతో వెనక్కి వెళ్ళారు, ఏం అడిగి వెళ్ళారు" అని అడగండి. మా అమ్మ ఆ ప్రశ్నకి రోజూ కనీసం ముగ్గురి గురించి చెప్పేది.