ఫిబ్రవరిలో 60 నిండే అమ్మకు 15జీనా, 15హెచ్చా?

ప్రశ్న (నవంబర్ 2025): మాది దిల్‌సుఖ్‌నగర్. మా అమ్మకు ఇప్పుడు 59, వచ్చే ఫిబ్రవరిలో 60 నిండుతాయి. నాన్న పోయాక వచ్చిన డబ్బంతా అమ్మ పేరు మీద ఒక బ్యాంకులో 45 లక్షలు, ఇంకో బ్యాంకులో 25 లక్షలు ఎఫ్‌డీ చేశాం. 7 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి అకౌంట్లో పడుతుంది. నెలకు 18 వేలు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది, వేరే ఆదాయం లేదు. ఇప్పటికే రెండు బ్యాంకులూ కలిపి 24,500 టీడీఎస్ కట్ చేశాయి. 12 లక్షల దాకా ట్యాక్స్ లేదు కదా, 15జీ ఇచ్చేయండి, ఆగిపోతుంది అని బ్యాంకులో ఫారం చేతిలో పెట్టారు. అమ్మతో సంతకం పెట్టించొచ్చా? కట్ అయింది వెనక్కి వస్తుందా?

జవాబు: ఆ 15జీ మీద సంతకం పెట్టించకండి. రెండూ టీడీఎస్ కోయొద్దని బ్యాంకుకు రాసిచ్చే ఫారాలే, కానీ మీ అమ్మగారు ఇవ్వాల్సింది 15హెచ్, అది ఇప్పుడే ఇవ్వొచ్చు, ఫిబ్రవరి దాకా ఆగక్కర్లేదు. కట్ అయిన 24,500 కూడా వస్తుంది, కానీ బ్యాంకు నుంచి కాదు. ఎందుకో చెప్తాను.

ముందు అసలు ట్యాక్స్ పడుతుందో లేదో చూద్దాం. 45 లక్షల మీద ఏడాదికి 3,15,000, 25 లక్షల మీద 1,75,000, మొత్తం వడ్డీ 4,90,000. ఫ్యామిలీ పెన్షన్ ఏడాదికి 2,16,000, అందులో కొత్త విధానంలో 25,000 మినహాయింపు ఉంది, పోగా 1,91,000. రెండూ కలిపితే 6,81,000. కొత్త విధానంలో మొదటి 4 లక్షలకు పన్ను లేదు, ఆ పైన మిగిలిన 2,81,000కు 5 శాతం చొప్పున 14,050 లెక్క తేలుతుంది, కానీ ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి 87ఎ రిబేటు కింద అదంతా పోయి చివరికి కట్టాల్సింది సున్నా. అంటే మీకు 12 లక్షల మాట చెప్పినవాళ్లు తప్పు చెప్పలేదు. ఆ మాటకీ 15జీకీ ముడి పెట్టడం దగ్గరే తప్పు జరిగింది.

15జీ అనేది 60 ఏళ్ల లోపు వాళ్లది, దానికి చట్టం రెండు షరతులు పెట్టింది. ఆ ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను సున్నా కావాలన్నది అందరికీ తెలిసిందే. రెండోది చాలామంది చదవరు: వడ్డీ, డివిడెండు లాంటి ఆదాయాలన్నీ కలిపితే పన్ను లేని కనీస పరిమితి, అంటే 2025-26కి కొత్త విధానంలో 4 లక్షలు, దాటకూడదు. ఇక్కడ చూసేది రిబేటు వచ్చే 12 లక్షల గీత కాదు, 4 లక్షల గీత. రిబేటు వల్ల పన్ను సున్నా అయినా సరే, వడ్డీ 4 లక్షలు దాటిందంటే 15జీ చెల్లదు. ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 197ఎ(1బి) చెప్పేది ఇదే.

మీ విషయంలో ఈ తప్పు పైకి కనబడదు కూడా. ఒక బ్యాంకుకు కనిపించేది 3,15,000, రెండో బ్యాంకుకు కనిపించేది 1,75,000, ఎవరికి వాళ్లు చూసుకుంటే 4 లక్షల లోపే ఉంది, కాబట్టి ఇద్దరూ ఫారం తీసేసుకుంటారు, టీడీఎస్ ఆగిపోతుంది, మీకూ అంతా బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ తీసుకున్న ఫారాల వివరాలు ఆదాయపు పన్ను శాఖకు వెళ్తాయి, అక్కడ ఒకే పాన్ కింద 4,90,000 కనబడుతుంది. ఫారంలో సంతకం పైన ఉండే డిక్లరేషన్‌లోనే ఈ మొత్తం పరిమితి దాటదని అమ్మగారు రాసిచ్చినట్టు ఉంటుంది. తెలిసీ అబద్ధపు డిక్లరేషన్ ఇస్తే సెక్షన్ 277 కింద ప్రాసిక్యూషన్ దాకా వెళ్లొచ్చు. మీలాంటి కేసులో, ఎగ్గొట్టిన పన్నే లేనప్పుడు, అంత దూరం వెళ్తారని నేను అనుకోను. అయినా, పెద్దావిడతో తప్పుడు కాగితం మీద సంతకం చేయించడం ఎందుకు, సరైన కాగితం చేతిలో ఉండగా?

ఆ సరైన కాగితం 15హెచ్. 60 ఏళ్లు, ఆ పైబడిన రెసిడెంట్లకు ఇది. మీ అమ్మగారికి ఇంకా 59 కదా అని మీకూ, కౌంటర్లో ఉన్నవాళ్లకూ అనిపించింది, అది సహజం. కానీ చట్టంలో ఉన్న మాట వేరు: ఆ ఆర్థిక సంవత్సరంలో ఎప్పుడైనా సరే 60 నిండితే చాలు. 2025 ఏప్రిల్ 1 నుంచి 2026 మార్చి 31 వరకూ ఒకటే సంవత్సరం, అమ్మగారికి 60 నిండేది 2026 ఫిబ్రవరిలో, అంటే ఈ సంవత్సరం మొత్తానికీ ఆవిడ సీనియర్ సిటిజనే. 197ఎ(1సి) చెప్పేది ఇదే. ఏప్రిల్లో పుట్టినరోజు అయ్యుంటే ఈ ఏడాదికి ఈ దారి మూసుకుపోయేది.

ఇక 15హెచ్‌కి ఆ 4 లక్షల వడ్డీ గీత లేదు. ఆదాయం కనీస పరిమితి దాటినా, రిబేటు తీసేశాక పన్ను సున్నా అయితే బ్యాంకు ఫారం తీసుకోవాల్సిందేనని 2019 మే నెలలో ఫారంలోనే నోట్ మార్చారు. కాబట్టి 4,90,000 వడ్డీ ఉన్నా, మొత్తం ఆదాయం 6,81,000 ఉన్నా అమ్మగారి 15హెచ్ పూర్తిగా చెల్లుతుంది.

ఇబ్బంది వచ్చేది కౌంటర్ దగ్గర. కొన్ని బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లో వయసును ఇవాళ్టి తేదీతో లెక్కేస్తారు కాబట్టి అమ్మగారి లాగిన్‌లో 15జీ మాత్రమే కనిపించొచ్చు. అప్పుడు ఆన్‌లైన్‌లో ఏదో ఒకటి నొక్కేయకుండా కాగితం 15హెచ్ రెండు కాపీలు నింపి, పాన్ కార్డు జిరాక్స్ పెట్టి బ్రాంచిలోనే ఇవ్వండి. పుట్టిన తేదీ రాసే గడి ఫారంలోనే ఉంటుంది, దాన్ని చూపించి, ఈ ఆర్థిక సంవత్సరంలో 60 నిండుతాయి సార్ అని చెప్పండి. అయినా కాదంటే గొడవ పడకండి, 197ఎ(1సి) ప్రకారం తీసుకోవలసిందని ఒక లెటర్ రాసి, ఫారంతో జత చేసి ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు లేకుండా బయటికి రావద్దు, ఫారం ఎప్పుడిచ్చారన్నదానికి రేపు మీ దగ్గరుండే రుజువు అదే.

ఫారం నింపేటప్పుడు చాలామంది ఖాళీ వదిలేసే గడులు కొన్ని ఉంటాయి, మీకు రెండు బ్యాంకులున్నాయి కాబట్టి అవి ముఖ్యం. మొదటి బ్యాంకు ఫారంలో, ఈ డిక్లరేషన్ ఏ ఆదాయానికి అన్న చోట 3,15,000, మొత్తం అంచనా ఆదాయం దగ్గర 6,81,000 రాసి, ఈ ఏడాది ఇచ్చిన ఇతర ఫారాల సంఖ్య దగ్గర సున్నా వేయండి. రెండో బ్యాంకు ఫారంలో ఆదాయం 1,75,000, మొత్తం మళ్లీ అదే 6,81,000, ఇతర ఫారాలు 1, వాటిలో చూపిన మొత్తం 3,15,000. మొత్తం ఆదాయం రెండిట్లోనూ ఒకటే ఉండాలి. ఒక బ్యాంకులో ఇస్తే రెండో బ్యాంకుకు వర్తించదు, రెండు చోట్లా విడివిడిగా ఇవ్వాల్సిందే. మధ్యలో కొత్త ఎఫ్‌డీ వేస్తే దానికీ ఫారం ఇవ్వాలా అని ఆరోజే అడిగేయండి.

ఇంటికెళ్లి ఆ ఎఫ్‌డీ రసీదులు ఒకసారి తీసి చూడండి, మొదటి పేరు అమ్మగారిదేనా? జాయింటుగా వేసి మొదట మీ పేరుంటే బ్యాంకు మామూలుగా మీ పాన్ మీదే టీడీఎస్ కడుతుంది, అప్పుడు అమ్మగారి 15హెచ్ దానికి పనిచేయదు. అలాగే పాన్‌కు ఆధార్ లింక్ అయిందో లేదో incometax.gov.in లో చూసుకోండి. లింక్ కాక పాన్ పనిచేయని స్థితిలో ఉంటే 10 శాతం కాదు, 20 శాతం కోస్తారు, ఫారం ఇచ్చినా చెల్లదు. మీకు కట్ అయింది సరిగ్గా 10 శాతమే, రెండు క్వార్టర్ల వడ్డీ 2,45,000కు 24,500, కాబట్టి పాన్ బాగానే ఉన్నట్టుంది, అయినా చూడండి.

ఇప్పుడు ఆ 24,500 సంగతి. జూన్, సెప్టెంబర్ క్వార్టర్లలో కోసిన డబ్బు బ్యాంకు దగ్గర లేదు, మరుసటి నెల 7వ తేదీలోపే ప్రభుత్వానికి జమ చేసేసి ఉంటుంది. మేనేజర్‌ని ఎంత బతిమాలినా ఆయన వెనక్కి ఇవ్వలేడు. ఇప్పుడు 15హెచ్ ఇస్తే డిసెంబర్, మార్చి క్వార్టర్ల వడ్డీ మీద ఇంకో 24,500 పోకుండా ఆగుతుంది, అందుకే ఈ నెలలోనే పని ముగించమంటున్నాను. పోయినదాని కోసం ఈ 2025-26 ఆదాయానికి, అంటే 2026-27 అసెస్‌మెంట్ ఇయర్‌కి, రిటర్న్ వేయాలి, గడువు 2026 జూలై 31, మీ కేసుకి ఐటీఆర్-1 సరిపోతుంది. వేసే ముందు పోర్టల్లో ఫారం 26ఏఎస్ తెరిచి రెండు బ్యాంకుల టీడీఎస్ అమ్మగారి పాన్ మీద కనిపిస్తోందో లేదో సరిచూడండి. అక్కడ లేకపోతే రిఫండ్ ఆగిపోతుంది, అప్పుడు బ్యాంకుకు రాసి వాళ్ల స్టేట్‌మెంట్ సరిచేయించాలి. రిఫండ్ పడే అకౌంటును పోర్టల్లో ముందే వాలిడేట్ చేసి పెట్టుకోండి.

రిటర్న్ గురించి ఇంకొక మాట. 15హెచ్ ఇచ్చాం కదా, పన్ను సున్నా కదా, ఇక రిటర్న్ ఎందుకు అనుకోకండి. రిబేటు రాకముందు ఆదాయం 4 లక్షలు దాటింది, కాబట్టి రిటర్న్ వేయడం తప్పనిసరి. పాన్ మీద వచ్చిన ఆదాయాలన్నీ శాఖ చూపించే ఏఐఎస్ స్టేట్‌మెంట్‌లో 4,90,000 వడ్డీ కనబడుతూనే ఉంటుంది, మీరు వేయకపోతే నోటీసు వచ్చే అవకాశం ఉంది.

మార్చిలోపు అమ్మగారి పేరున ఉన్న ఇల్లో, స్థలమో అమ్మే ఆలోచన ఉంటే మాత్రం 15హెచ్ ఇచ్చే ముందు ఆగి మళ్లీ లెక్క వేయించుకోండి. స్థలం అమ్మితే వచ్చే దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం లాంటి ప్రత్యేక రేటు పన్నుకు 87ఎ రిబేటు వర్తించదు, పైగా ఆ లాభం కలిసి మొత్తం 12 లక్షలు దాటితే వడ్డీ మీద రిబేటు కూడా పోతుంది. పన్ను కట్టాల్సి వచ్చే ఏడాదిలో 15హెచ్ ఇస్తే అదే తప్పుడు డిక్లరేషన్ అవుతుంది.

మీ చుట్టాల్లో 60 నిండనివాళ్లు, వడ్డీ 4 లక్షలు దాటినవాళ్లు ఉంటే వాళ్లకు ఈ జవాబు సరిపోదు. వాళ్లు ఫారం 13 పెట్టుకుని సెక్షన్ 197 కింద టీడీఎస్ తగ్గించే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, దానికి మాసబ్ ట్యాంక్ ఐటీ టవర్స్ చుట్టూ తిరగక్కర్లేదు, టీడీఎస్ పనుల కోసం శాఖ పెట్టిన ట్రేసెస్ సైటులోనే అప్లై చేయొచ్చు. లేదంటే టీడీఎస్ పోనిచ్చి రిటర్న్‌లో రిఫండ్ అడగాలి.

15హెచ్ ఏ ఏడాదికి ఆ ఏడాదే. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వస్తోంది కాబట్టి అప్పుడు ఈ పాత ఫారం జిరాక్స్ తీసి ఇవ్వకండి, ఆ ఏడాదికి చెల్లే ఫారం ఏదో బ్యాంకులో అడిగి, ఏప్రిల్ మొదటి వారంలోనే, జూన్ వడ్డీ పడకముందే ఇచ్చేయండి.