ఎదురింటి మాస్టారికి ఏమివ్వాలని అడిగావు కదా

చిన్నా,

ఇండియాలో దిగి రెండు రోజులైనా కాలేదు, నిద్ర కూడా ఇంకా సరిపడి ఉండదు, అయినా నిన్న ఫోన్లో మొదట అడిగింది ఎదురు ఫ్లాట్ మాస్టారి గురించే కాబట్టి బాగా అనిపించింది. మీరు డల్లాస్‌లో ఉన్న నెలన్నరా మీ ఇంటి తాళం చెవి దగ్గరుంచుకుని, మీ పార్సిళ్లన్నీ తీసుకుని పెట్టింది వాళ్లేగా. ఫోన్లో మీ ఆవిడా, పిల్లాడూ మధ్యలో మాట్లాడుతుంటే నేను చెప్పాలనుకున్నది సగమే చెప్పాను. మిగతాది రాస్తున్నా.

నువ్వు "ఏం గిఫ్ట్ ఇవ్వాలి పెద్దమ్మా" అని అడిగావు. గిఫ్టు సంగతి తర్వాత. ముందు ఆయన చేతి డబ్బు ఎంత పెట్టుకున్నారో లెక్క తేల్చు. ఆయన్ని అడిగితే "ఇప్పుడు అదేంటండీ, తర్వాత చూద్దాం" అంటారు, ఆ తర్వాత ఎప్పటికీ రాదు, ఆయన మళ్లీ ఎత్తలేరు, నువ్వు మర్చిపోతావు. అందుకని ఆయన నోటితో చెప్పించకు. ఆర్డర్లన్నీ నీ ఫోన్లోనే ఉంటాయిగా, ఏవేవి క్యాష్ ఆన్ డెలివరీ పెట్టావో చూసి రాసుకో. నువ్వు చెప్పినదాన్ని బట్టి పిల్లాడి స్కూలు షూ 1,150, ఫిల్టర్ క్యాండిల్ 640, ఇంకా బాత్రూంలో పైపు కారితే ప్లంబర్‌కి ఇచ్చిన 500. మొత్తం 2,290. పార్సిళ్లు తీసుకున్నది ఎక్కువగా మాస్టారి భార్యే కాబట్టి వాళ్ల వంటింటి గోడ క్యాలెండర్‌ మీద ఆ తేదీల గళ్లలో పెన్సిల్‌తో ఏదో రాసే ఉంటారు, పాలవాడి లెక్కలు రాసే ఆవిడ ఇవి మాత్రం రాయకుండా ఉంటారా. "ఆంటీ, క్యాలెండర్‌లో ఇంకేమైనా ఉన్నాయా" అని మాత్రం అడుగు, ఆవిడ నవ్వుతూ చెప్పేస్తారు.

ఆ 2,290 చిల్లరతో సహా కవర్లో పెట్టి ఇవ్వు. 2,500 ఇచ్చి "పైన ఉంచండి మాస్టారూ" అన్నావంటే చేసిన పనికి కూలి ఇచ్చినట్టు ఉంటుంది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, ఆ 210 రూపాయలు ఆయన్ని రెండు రోజులు బాధపెడతాయి. యూపీఐలో పంపడం సులువే, కానీ ఆయన ఫోన్లో ఆ మెసేజ్ ఎప్పుడు చూస్తారో, ఏ లెక్కకని అనుకుంటారో తెలీదు. చేతికివ్వు. ఇంకొక సంగతి, డబ్బు కవరూ గిఫ్టూ ఒకేసారి ఇవ్వకు. ఈరోజు పార్సిళ్లు తెచ్చుకోవడానికి వెళ్లినప్పుడు డబ్బు ఇచ్చెయ్, గిఫ్టుకి ఎల్లుండో ఆ మర్నాడో ఇద్దరూ పిల్లాడితో సహా విడిగా వెళ్లండి. రెండూ కలిపితే డబ్బు విషయం మీదే మాటలన్నీ నడుస్తాయి, వద్దంటే వద్దని కాసేపు తోపులాట, అసలు చెప్పాల్సిన మాట చెప్పకుండానే లేచి వచ్చేస్తారు.

పార్సిళ్లు ఆయన మోసుకొచ్చి మీ గుమ్మంలో పెట్టేలోపే నువ్వే వెళ్లి తెచ్చుకో. వాళ్ల హాల్లో టీవీ పక్కన ఇన్నాళ్లు ఆ డబ్బాలు దొంతరగా ఉన్నాయి, ఆవిడ వాటి చుట్టూ ఊడ్చుకుంటూ వచ్చారు. ఇంటికి తెచ్చాకే విప్పు, వాళ్ల ముందు కాదు. ఏదైనా పగిలో సైజు తప్పో ఉంటే, రిటర్న్ గడువు దాటిపోయి ఉంటే, ఆ నష్టం నీది, ఆయన చెవిన పడనివ్వకు. మీ ఇంట్లో తులసి ఎండినా అంతే. ఆ మాట ఒకసారి విన్నాక నువ్వు ఎన్ని థాంక్స్ చెప్పినా ఆవిడ బుర్రలో తులసే ఉంటుంది.

థాంక్స్ ఎలా చెప్పాలంటే, "మీరు లేకపోతే మేమేమయ్యేవాళ్లమో" లాంటివి వద్దు, అలాంటి మాటలకి ఎవరైనా "అయ్యో, అదేముందండీ" అనేస్తారు, అక్కడితో అయిపోతుంది. ఆయన చేసిన పని పేరు పెట్టి చెప్పు. మధ్యాహ్నం పన్నెండుకి డెలివరీ అబ్బాయి ఓటీపీ అడిగితే నీకు డల్లాస్‌లో రాత్రి ఒకటిన్నర, ఫోన్ సైలెంట్‌లో ఉంది, అయినా ఆయన ఆ అబ్బాయిని కసురుకోకుండా మర్నాడు రమ్మని గేటు దగ్గర నంబరు రాసుకున్నారు కదా, ఆ సంగతి చెప్పు. ప్లంబర్ పని చేస్తున్నంతసేపూ ఇంట్లోనే నించున్నారని చెప్పు. తను చేసినది నువ్వు గమనించావని అప్పుడు తెలుస్తుంది ఆయనకి.

గిఫ్టు ఖరీదుగా వద్దు. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఇలాగే ఊరినుంచి వచ్చి పక్కవాళ్లకి వెండి గిన్నె ఇచ్చారు, వారం తిరక్కుండా పక్కావిడ వీళ్లావిడకి పట్టుచీర పెట్టారు, ఆ తర్వాత ఇద్దరికీ ఒకరి తలుపు ఒకరు తట్టాలంటే మొహమాటం. నువ్విచ్చినదానికి వాళ్లు అంతకన్నా పెద్దది తిరిగి ఇచ్చారంటే బరువైందని అర్థం. మాస్టారికి షుగర్ కాబట్టి చాక్లెట్ డబ్బాలు పక్కన పెట్టు, అవి ఎలాగూ మనవలకి పంపేస్తారు. ఉప్పులేని పిస్తా, బాదం ప్యాకెట్లు తెచ్చారుగా, వాటిల్లో మంచివి తీసి ఇవ్వండి, అందరికీ పంచగా మిగిలినవి కాదు. మందులూ విటమిన్ మాత్రలూ అడగందే ఇవ్వకు, ఆయన వాడేవాటితో ఏది పడుతుందో మనకేం తెలుసు. ఆవిడకి మీ ఆవిడ బొట్టుపెట్టి రెండు పళ్లు, పూలు, జాకెట్ ముక్క ఇస్తే చాలు. కాఫీ ఇస్తే వద్దనకు, కూర్చుని తాగు. గుమ్మంలోనే ఇచ్చి వచ్చేస్తే కొరియర్ అబ్బాయికీ నీకూ తేడా ఏముంది చెప్పు.

వాళ్లు పచ్చడో పప్పో పంపిన గిన్నె మీ ఇంట్లో ఉంటే ఖాళీగా తిరిగివ్వకు, ఇది నేను చెప్పాలా.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం థాంక్స్ పెట్టకు. ముందు నీకు మంచిదనిపిస్తుంది, మర్నాటి నుంచి నాలుగు ఫ్లాట్ల వాళ్లు "మాస్టారూ, మాదొక పార్సిల్" అని మొదలెడతారు. పైగా నెలన్నర ఇల్లు తాళం వేసి ఉందని, తాళం చెవి ఫలానా వాళ్ల దగ్గర ఉంటుందని ఊరంతటికీ చెప్పినట్టు. వాచ్‌మన్‌కి ఒక ఐదొందలు నువ్వే విడిగా ఇవ్వు, మాస్టారి చేత ఇప్పించకు.

తాళం చెవి సంగతి. "కీ ఇస్తారా" అని నువ్వుగా అడగకు, ఆయనే ఇస్తారు. ఇచ్చినప్పుడు తీసుకో. అది వాళ్ల దగ్గరే ఉంచాలని నీకు ఉంటే, ముందు అడిగి, వాళ్లు సరేనంటేనే ఉంచు, ఎందుకంటే చెవి ఉంచుకోవడమంటే మీ ఇంట్లో పైపు కారినా వాళ్లకి టెన్షనే. ఆ కూర్చున్న పూటే "ఇంకో పార్సిల్ రేపు వస్తుంది, మేం ఆఫీసులో ఉంటాం" అని మాత్రం అనకు, నీ సంగతి నాకు తెలుసు. కొన్నాళ్లు నీ పార్సిళ్లు ఆఫీసు అడ్రస్‌కే పెట్టుకో.

వాళ్లు దసరాకి బెంగళూరు, కూతురి దగ్గరికి వెళ్తారని అన్నావు. "మీకేం కావాలన్నా చెప్పండి" అంటే ఆయన ఎప్పటికీ చెప్పరు. తేదీలు అడుగు. పాలప్యాకెట్టు ఎవరు ఆపాలో, పేపరు ఎక్కడ పెట్టాలో, ఆవిడ గులాబీ కుండీలకి రోజు విడిచి రోజు నీళ్లు సరిపోతాయో లేదో అడిగి, ఆవిడ ముందే నీ ఫోన్లో రిమైండర్ పెట్టుకో. ఆ పది రోజుల్లో నీకు ఊరెళ్లే పని పడితే ముందే చెప్పెయ్, వాళ్లు వేరేవాళ్లని చూసుకుంటారు.

పిల్లాడికి జెట్‌లాగ్ తగ్గిందా? ఆదివారం ఫోన్ చెయ్.

పెద్దమ్మ