మానేసిన ఉద్యోగి గురించి ఫారంలో ఏం రాయాలి?

ప్రశ్న: మేడమ్, మా దగ్గర నాలుగేళ్లు స్టాక్ లెక్కలు చూసిన కుర్రాడు మానేశాడు. పనిమంతుడే, కానీ చివరి ఆరు నెలలు రిపోర్టులు ఆలస్యం. వెళ్లాక స్టాక్‌లో తేడా బయటపడింది, తనే చేశాడో లేదో తెలీదు. ఇప్పుడు కొత్త కంపెనీ ఫారం పంపి పనితీరు, నిజాయితీ, మళ్లీ తీసుకుంటారా అని అడుగుతోంది. ఉన్నది రాస్తే కేసు వేస్తాడా? బాగుందని రాస్తే రేపు వాళ్లు నన్ను పట్టుకుంటారా?

జవాబు: ముందు స్టాక్ తేడా సంగతి చూద్దాం, మీ టెన్షన్ అంతా దానిమీదే ఉన్నట్టుంది. తేడా ఉందన్నది మీకు తెలుసు, అతను చేశాడన్నది తెలీదు. ఈ రెండో మాట ఫారంలోకి రాకూడదు, "కొన్ని అనుమానాలున్నాయి" అని మెత్తగా కూడా రాకూడదు. చదివేవాళ్లకి అది దొంగతనం అనే వినిపిస్తుంది, పైగా అతనికి జవాబు చెప్పుకునే దారే ఉండదు.

ఉన్నది రాస్తే కేసు పడుతుందా అంటే, మన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో పరువునష్టానికి మినహాయింపులున్నాయి. మీ ప్రయోజనం కోసమో ఎదుటివాళ్ల ప్రయోజనం కోసమో సద్భావంతో చెప్పిన మాట నేరం కాదు. అయితే తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పనిని చట్టం సద్భావం అనదు, మనసులో ద్వేషం లేకపోతే చాలనుకునేవాళ్లు పొరబడేది ఇక్కడే. 1994లో బ్రిటన్‌లో అప్పటి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చిన స్ప్రింగ్ కేసులో ఒక ఇన్సూరెన్స్ ఉద్యోగికి నిజాయితీ లేదని పాత సంస్థ రిఫరెన్స్‌లో రాసింది. రాసినవాళ్లకి దురుద్దేశం ఉందని రుజువు కాలేదు, కానీ సరిగ్గా విచారించకుండా రాశారు. రిఫరెన్స్ రాసేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత ఆ ఉద్యోగి పట్ల సంస్థకు ఉంటుందని కోర్టు తేల్చింది. ఆ తీర్పు మన కోర్టులు తప్పక పాటించాల్సింది కాదు గానీ, మీరు పాటిస్తే మీకే మంచిది.

అలాగని నిజాయితీ కాలమ్‌లో "అత్యుత్తమం" అని రాసి చేతులు దులుపుకోవద్దు. అబద్ధపు పొగడ్త నమ్మి ఉద్యోగం ఇచ్చినవాళ్లు నష్టపోతే మీమీద దావా వేసే వీలుంది. నా సలహా, "ఈ అంశంపై ఇతనిపై క్రమశిక్షణ చర్య ఏదీ లేదు" అని రాయండి, అది రికార్డులో ఉన్న నిజం కాబట్టి. నిజంగా లేకపోతేనే సుమా. ఆ కాలమ్ ఖాళీగా వదలడం నాకు ఇష్టం లేదు, మిగతావన్నీ నింపి అదొక్కటే వదిలేస్తే చదివేవాళ్లు ఏమనుకుంటారో మీకు తెలిసిందే. వెళ్లిపోయే ప్రతి ఉద్యోగి విషయంలోనూ దానికి జవాబివ్వకపోవడం మీ పద్ధతైతే ఆ మాటే రాయండి.

ఇక ఆలస్యం సంగతి. అది నిర్భయంగా రాయొచ్చు, తేదీలు మీ ఈమెయిళ్లలో ఉంటాయి కదా. కాకపోతే "బాధ్యత లేని మనిషి" అన్నది మీ తీర్పు, "చివరి ఆరు నెలల్లో నెలవారీ రిపోర్టులు గడువు దాటి వచ్చాయి" అన్నది జరిగిన విషయం. ఆ పక్కనే ముందటి మూడున్నరేళ్లూ ఎలా ఉందో కూడా రాయాలి, లేకపోతే ప్రతి వాక్యమూ నిజమే అయినా మొత్తం కలిపితే తప్పుడు బొమ్మ వస్తుంది. ఆ ఆరు నెలల్లో అతనికి ఇంకెవరి పనైనా అప్పగించారా? అప్పగించి ఉంటే అదీ చెప్పాలి, అది మీకు ఇబ్బందిగా ఉన్నా సరే.

ఇలా రాస్తే సరిపోతుంది: "నాలుగేళ్లు స్టాక్ లెక్కలు చూశారు. మొదటి మూడున్నరేళ్లు రిపోర్టులు సమయానికి, తప్పుల్లేకుండా ఇచ్చారు. చివరి ఆరు నెలల్లో గడువు దాటాయి, ఆ సమయంలో అదనంగా మరో విభాగం పని కూడా ఈయన చేతిలోనే ఉంది. మళ్లీ తీసుకోవడం గురించి: లెక్కల పనికి తీసుకుంటాం, గడువులపై పర్యవేక్షణ ఉండాలి." అదనపు పని సంగతి నిజమైతేనే, ఆ చివరి వాక్యం మీ మనసులో మాట అయితేనే ఉంచండి. తీసుకోననుకుంటే కారణం ఆలస్యమే అయ్యుండాలి, అనుమానాన్ని దాని వెనక దాచకూడదు.

పంపేముందు అతనికి ఒకసారి చూపించండి. అలా చూపించాలని చట్టం బలవంతపెట్టదు, కానీ మీరు మర్చిపోయిన సంగతి ఏదైనా అతనే గుర్తుచేయొచ్చు. కాపీ దాచుకోండి. ఫారం అందాక ఆ కంపెనీ వాళ్లు ఫోన్ చేసి "మనలో మాట, మనిషి ఎలాంటివాడు?" అని అడుగుతారు, చాలామంది దొరికిపోయేది అక్కడే. నోటిమాట కూడా పరువునష్టం కిందికి వస్తుంది, కాబట్టి రాసినదే చదివి వినిపించి ఆపేయండి.

స్టాక్ తేడాను మాత్రం వదిలేయకండి. ఆ రిజిస్టర్ ఎవరెవరి చేతుల్లో ఉందో చూసి, అతన్నీ పిలిచి వివరణ రాతపూర్వకంగా తీసుకోండి. అప్పుడు తేలినది ఫారంలో మీరు రాసినదాన్ని తప్పు చేస్తే, కొత్త కంపెనీకి సవరణ పంపే ముందు ఆ కాగితాలన్నీ ఒక లాయరుకి చూపించండి.