క్వాసీక్రిస్టల్‌కి యూనిట్ సెల్ ఎందుకు కుదరదు?

క్వాసీక్రిస్టల్ అంటే పరమాణువుల అమరికలో క్రమం ఉన్నా, అది ఒకే తీరుగా పునరావృతం కాని ఘనపదార్థం. దానిలోంచి కిరణాలు పంపి అవి చెదిరే తీరు చూసే డిఫ్రాక్షన్‌లో చుక్కలు అంత పదునుగా వస్తున్నా, పదేపదే పేర్చితే మొత్తం అమరికనిచ్చే చిన్న గడి, అంటే యూనిట్ సెల్, దానికి ఎందుకు దొరకదు?

అడ్డం పడేది ఐదు మడతల సౌష్ఠవమే, అంటే 72 డిగ్రీలు తిప్పినా అలాగే కనిపించడం. అమరికను తన మీద తానే సరిపోయేలా జరపగల అతి చిన్న దూరం 1 అనుకోండి. సౌష్ఠవం వల్ల అదే జరుపు 72 డిగ్రీల ఎడంతో ఐదు దిక్కుల్లోనూ ఉండాలి. ఇప్పుడు ఒకటి విడిచి ఒకటి, అంటే 144 డిగ్రీల ఎడమున్న రెండు దిక్కుల్లో వరుసగా జరపండి. మొత్తం జరిగేది 0.618 మాత్రమే. అతి చిన్నది అనుకున్నదానికంటే చిన్నది వచ్చేసింది! మళ్లీ చేస్తే ఇంకా చిన్నది. పరమాణువుల మధ్య ఎడమే మిగలదు. కాబట్టి అలాంటి జరుపే ఉండదు, యూనిట్ సెల్ కూడా ఉండదు.

1982లో శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్ చూసిన క్వాసీక్రిస్టల్, అల్యూమినియం-మాంగనీస్ మిశ్రమంలోనూ చుక్కల దూరాలు సమానంగా కాక 1.618 రెట్లలో పెరుగుతాయి. క్రమం ఉంది కనుకే చుక్కలు పదునుగా ఉన్నాయి. కాకపోతే ఒక్కో చుక్క స్థానాన్ని చెప్పడానికి మామూలుగా వాడే మూడు పూర్ణాంకాలు చాలవు, ఆరు కావాలి.